రాస్ప్‌బెరీ పైతో టేబుల్ మీద పెట్టుకునే ఆర్కేడ్ పెట్టె: కొలతల నుంచి మొదటి ఆట దాకా

ఆర్కేడ్ పెట్టె మొదలుపెట్టేవాళ్లలో చాలామంది ముందు ప్లైవుడ్ కోయిస్తారు. తర్వాత మానిటర్ పట్టదు, జాయ్‌స్టిక్ కింద రీపర్ అడ్డొస్తుంది, అంతా బిగించాక ఒక బటన్ పలకదు. కాబట్టి ఇక్కడ వరుస తిరగేశాం: ముందు బల్ల మీద అన్నీ కలిపి ఆట ఆడించాలి, ఆ తర్వాతే చెక్క ముట్టుకోవాలి.

ఇక్కడ చెప్పేది ఒక్క ఆటగాడి పెట్టె గురించి. 17 అంగుళాల పాత మానిటర్, రాస్ప్‌బెరీ పై 4, ఒక జాయ్‌స్టిక్, ఆరు ఆట బటన్లు, కాయిన్, స్టార్ట్. ఇద్దరికి కావాలంటే బటన్ల నొక్కులను కంప్యూటర్‌కు చేరవేసే ఎన్‌కోడర్ బోర్డు ఇంకొకటి, రెండో బటన్ల సెట్టు కలపాలి, పెట్టె వెడల్పు కూడా పెంచాలి. మిగతా పద్ధతంతా ఇదే.

## 1. కొనాల్సినవి, కొనేటప్పుడు చూడాల్సినవి

బోర్డు. రాస్ప్‌బెరీ పై 4, 2 జీబీ చాలు. పై 5 వేగం ఎక్కువే కానీ దానికి 3.5 మి.మీ. ఆడియో జాక్ లేదు, పాత ఆటలు ఆడించే రెట్రోపై సాఫ్ట్‌వేర్ సిద్ధంగా ఇచ్చే ఇమేజ్‌లూ పై 4 వరకే. పాత ఆర్కేడ్ ఆటలకు పై 4 శక్తి సరిపోతుంది.

పవర్ అడాప్టర్. 5 వోల్టులు, 3 ఆంపియర్లు, యూఎస్‌బీ-సీ. ఇంట్లో ఉన్న ఫోన్ ఛార్జర్‌తో సరిపెట్టుకోవద్దు. ఛార్జర్ మీద ఎన్ని ఆంపియర్లని రాసినా సన్నని కేబుల్‌లో వోల్టేజ్ పడిపోతుంది. తర్వాత అంతుచిక్కకుండా ఆట నత్తనడక నడవడానికి ఇదే మొదటి కారణం.

మానిటర్. 1280×1024 రిజల్యూషన్ ఉన్న 17 అంగుళాల పాత ఆఫీసు మానిటర్. సెకండ్ హ్యాండ్‌లో తేలిగ్గా దొరుకుతుంది, తెర ఆకారం పాత ఆటలకు దగ్గరగా ఉంటుంది. డీవీఐ పోర్టు ఉన్నది దొరికితే తీసుకోండి. మైక్రో హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మామూలు కేబుల్, కన్వర్టర్ పిన్నుతో పని అయిపోతుంది. వీజీఏ మాత్రమే ఉంటే లోపల చిప్ ఉన్న హెచ్‌డీఎంఐ–వీజీఏ కన్వర్టర్ కావాలి. వెనక 100×100 మి.మీ. చతురస్రంలో నాలుగు స్క్రూ బెజ్జాలు ఉన్నాయో లేదో చూసుకోండి. అవి లేకపోతే బిగించడం తలనొప్పి.

కంట్రోల్స్. జీరో డిలే యూఎస్‌బీ ఎన్‌కోడర్, జాయ్‌స్టిక్, వైర్లు కలిపి కిట్‌గా దొరుకుతాయి. బటన్ల విషయంలోనే ఆగి చూడాలి. కిట్‌లో వచ్చేవి చాలావరకు నొక్కితే కరుచుకునే రకం. అవి 3 మి.మీ. అక్రిలిక్‌కో రేకుకో బాగా పడతాయి, చెక్క మందానికి వాటి రెక్కలు అందవు. మనం వాడేది 6 మి.మీ. ప్లైవుడ్ కాబట్టి కింద నట్టుతో బిగించే రకం బటన్లు తీసుకోవాలి.

వైరు చివర క్లిప్ సైజు కూడా బటన్‌కు కలవాలి. జపాన్ తరహా బటన్ల కాళ్లు 2.8 మి.మీ., మైక్రోస్విచ్ ఉన్న అమెరికా తరహా బటన్లకు 4.8 మి.మీ. పెద్ద క్లిప్పును చిన్న కాలికి తొడిగితే మొదటి రోజు పనిచేస్తుంది, నెల తిరిగేసరికి ఊడుతుంది.

మొత్తం జాబితా:

- [ ] పై 4, అడాప్టర్, హీట్‌సింక్, 40 మి.మీ. 5 వోల్టుల ఫ్యాన్
- [ ] 32 జీబీ మైక్రోఎస్‌డీ కార్డు (పేరున్న కంపెనీది)
- [ ] మానిటర్, కేబుల్, కన్వర్టర్
- [ ] ఎన్‌కోడర్ 1, జాయ్‌స్టిక్ 1, దాని 5 పిన్నుల వైరు
- [ ] 30 మి.మీ. నట్టు బటన్లు 6, 24 మి.మీ. నట్టు బటన్లు 4
- [ ] పీఏఎం8403 ఆంప్లిఫయర్ బోర్డు, 4 ఓమ్‌లు 3 వాట్ల స్పీకర్లు 2, దానికి వేరే 5 వోల్టుల అడాప్టర్
- [ ] 12 మి.మీ. ప్లైవుడ్ 4×2 అడుగులు, 6 మి.మీ. ప్లైవుడ్ 2×2 అడుగులు, 20×20 మి.మీ. రీపర్
- [ ] 18 మి.మీ. ప్లైవుడ్ ముక్క, 390×130 మి.మీ.
- [ ] మూడు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బోర్డు

ఎండీఎఫ్ చవక, కోత కూడా నున్నగా వస్తుంది. కానీ చెమ్మ తగిలితే అంచులు ఉబ్బుతాయి. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో ఉండేవాళ్లు ప్లైవుడ్‌కే ఓటు వేయాలి.

## 2. బల్ల మీద మొదటి పరీక్ష: పై అక్కర్లేదు

ఎన్‌కోడర్‌ను కంప్యూటర్ మామూలు గేమ్‌ప్యాడ్‌గానే చూస్తుంది. కాబట్టి ముందు విండోస్ ల్యాప్‌టాప్‌కు తగిలించి `joy.cpl` తెరవండి. బటన్లన్నీ వైర్లతో కలిపి ఒక్కొక్కటే నొక్కితే తెర మీద దీపం వెలగాలి.

ఎన్‌కోడర్‌లో ప్రతి బటన్‌కూ రెండు వైర్ల జత విడిగా ఉంటుంది. అందుకే బటన్ల మధ్య గ్రౌండ్ వైరు గొలుసుకట్టు వేయాల్సిన పని లేదు. మామూలు బటన్‌కు ఏ వైరు ఏ కాలికి వెళ్లినా ఫర్వాలేదు. ఎల్‌ఈడీ బటన్లయితే మాత్రం దీపం కాళ్లకు ప్లస్, మైనస్ చూడాలి. అది 5 వోల్టులదా 12 వోల్టులదా అన్నదీ కొనేటప్పుడే అడగాలి.

ఏ బటన్ ఏ సాకెట్‌లో పెట్టినా సాఫ్ట్‌వేర్‌లో సర్దుకోవచ్చు. అయినా ఒక వరుస పాటిస్తే ఆర్నెల్ల తర్వాత పెట్టె తెరిచినప్పుడు వెతుక్కోనక్కర్లేదు:

- K1, K2, K3: పై వరుస, ఎడమ నుంచి కుడికి
- K4, K5, K6: కింది వరుస, అదే క్రమం
- K7: కాయిన్
- K8: స్టార్ట్
- K9: హాట్‌కీ (దీని సంగతి 7వ భాగంలో)

బోర్డు మీద AUTO లేదా TURBO, MODE అని రాసిన సాకెట్లు ఖాళీగా వదిలేయండి. పొరపాటున ఆట బటన్ ఆటో సాకెట్‌లో పడితే, ఆ తర్వాత ఇంకేదో బటన్ దానంతటదే టకటకా కొట్టుకుంటుంది. ఎన్‌కోడర్ పాడైందనుకుని మార్చేసేవాళ్లున్నారు. ఆ వైరు తీసి, యూఎస్‌బీ ఒకసారి ఊడదీసి పెడితే సరిపోతుంది.

జాయ్‌స్టిక్‌లో రెండు తప్పులు పదేపదే కనిపిస్తాయి. ఒకటి, 5 పిన్నుల కనెక్టర్ తిరగబడటం. ఐదింట్లో ఒక చివరి పిన్ను గ్రౌండ్, మిగతా నాలుగు దిక్కులు. తిరగేసి పెడితే ఒక్క దిక్కుకు మాత్రమే స్పందన వస్తుంది, మిగతా మూడూ మూగబోతాయి. ఆ లక్షణం కనిపిస్తే ఇంకేమీ వెతకొద్దు, కనెక్టర్ తిప్పి పెట్టండి.

రెండోది, విడివిడి మైక్రోస్విచ్‌లున్న జాయ్‌స్టిక్‌లో పై దిక్కు వైరును పై స్విచ్‌కే పెట్టడం. కర్ర మధ్యలో ఇరుసు ఉంటుంది. పైభాగాన్ని ముందుకు తోస్తే కిందిభాగం వెనక్కి వచ్చి వెనక స్విచ్‌ను నొక్కుతుంది. అంటే ‘పైకి’ అన్న వైరు ఆటగాడి వైపున్న స్విచ్‌కు వెళ్లాలి, ఎడమ వైరు కుడి స్విచ్‌కు వెళ్లాలి.

## 3. కార్డు సిద్ధం చేయడం

రాస్ప్‌బెరీ పై ఇమేజర్‌లో `Emulation and game OS` కింద రెట్రోపై ఉంటుంది. అందులో పై 4 ఇమేజ్ ఎంచుకుని కార్డు మీద రాయండి.

కార్డు పైలో పెట్టే ముందే, ల్యాప్‌టాప్‌లో `boot` భాగం తెరిచి `config.txt` చివర ఈ వరుసలు చేర్చండి:

```
disable_overscan=1
hdmi_force_hotplug=1
hdmi_group=2
hdmi_mode=35
dtoverlay=gpio-shutdown
```

మూడు, నాలుగు వరుసలు తెరను 1280×1024, 60 హెర్ట్జ్‌కు కట్టేస్తాయి. రెండోది, మానిటర్ పై కంటే ఆలస్యంగా లేచినా చిత్రం పోకుండా చూస్తుంది. చివరిది ఆపే బటన్ కోసం.

పై 4కు రెండు మైక్రో హెచ్‌డీఎంఐ పోర్టులున్నాయి. యూఎస్‌బీ-సీ పక్కనున్న దానికే కేబుల్ పెట్టండి. నల్లతెర ఫిర్యాదుల్లో చాలావాటికి ఇదే మందు.

బోర్డు కొత్తది, ఇమేజ్ పాతది అయితే ఇంద్రధనుస్సు రంగుల తెర దగ్గరే ఆగిపోవచ్చు. అప్పుడు రాస్ప్‌బెరీ పై ఓఎస్ లైట్ రాసి, దాని మీద రెట్రోపైని స్క్రిప్టుతో ఎక్కించాలి:

```
sudo apt update && sudo apt install -y git
git clone --depth=1 https://github.com/RetroPie/RetroPie-Setup.git
cd RetroPie-Setup
sudo ./retropie_setup.sh
```

వచ్చే మెనూలో `Basic install` ఎంచుకుని టీ తాగి రండి, సమయం పడుతుంది. కొత్త ఓఎస్‌లో ఆ ఫైలు `/boot/firmware/config.txt`కి మారింది, ముందు చెప్పిన `hdmi_` వరుసలు అక్కడ పనిచేయవు. మానిటర్ తన రిజల్యూషన్ తానే చెప్పుకుంటుంది కాబట్టి డీవీఐ కేబుల్ వాడేవాళ్లకు వాటి అవసరమూ సాధారణంగా రాదు.

## 4. బటన్లకు పేర్లు పెట్టడం

పై మొదటిసారి లేచాక ఎన్‌కోడర్ కనిపెట్టి, ఏదైనా బటన్ నొక్కి పట్టుకోమంటుంది. ఆ తర్వాత ఒక్కో పేరు అడుగుతుంది. ఇక్కడ ఆదరాబాదరా పడితే తర్వాత అన్ని ఆటల్లోనూ బాధే.

ఆరు బటన్లకు ఈ అమరిక పెట్టండి:

- పై వరుస: Y, X, L
- కింది వరుస: B, A, R

పోరాట ఆటల్లో పై వరుస గుద్దులకు, కింది వరుస తన్నులకు, పాత ఆర్కేడ్ యంత్రాలను అనుకరించే ఎఫ్‌బీనియో ఎమ్యులేటర్‌లో ఇది సూటిగా కలుస్తుంది. కాయిన్‌కు `SELECT`, స్టార్ట్‌కు `START` ఇవ్వండి. మన దగ్గర లేని బటన్ అడిగినప్పుడు (ట్రిగ్గర్లు, అనలాగ్ కర్రలు) ఏదో ఒక బటన్ రెండు సెకన్లు నొక్కి పడితే దాటుతుంది. చివర `HOTKEY ENABLE` అడిగినప్పుడు దాటేయకుండా K9 నొక్కండి.

జాయ్‌స్టిక్‌ను పెట్టెలో పక్కకు తిప్పి బిగించాల్సి వస్తే దిక్కులు మారిపోతాయి. దానికి వైర్లు పీకనక్కర్లేదు, ఈ `Configure Input` మళ్లీ చేస్తే చాలు.

తప్పు పడి మెనూలో కదల్లేకపోతే యూఎస్‌బీ కీబోర్డు పెట్టి మళ్లీ మొదలుపెట్టవచ్చు. పని పూర్తయ్యేదాకా కీబోర్డు దగ్గరే ఉంచుకోండి.

## 5. మొదటి ఆట

ఆర్కేడ్ ఆటల రోమ్ ఫైళ్లు చాలావరకు కాపీరైట్ ఉన్నవే. వ్యాపారం కాని వాడకానికి హక్కుదారులు అనుమతిచ్చిన కొన్నిటిని మేమ్ అనే ఇంకో ఎమ్యులేటర్ బృందం తన `mamedev.org` సైట్‌లోనే ఉంచింది. రాబీ రోటో, గ్రిడ్లీ, స్టార్ ఫైర్ అందులో ఉన్నాయి. పరీక్షకు అవి చాలు.

ఫైళ్లు ఎక్కించడానికి తేలికైన దారి పెన్‌డ్రైవ్. అందులో `retropie` పేరుతో ఖాళీ ఫోల్డర్ చేసి రాస్ప్‌బెరీ పైకి తగిలించండి. పెన్‌డ్రైవ్ దీపం మినుకుమనడం ఆగాక తీస్తే లోపల ఫోల్డర్లన్నీ తయారై ఉంటాయి. `roms` లోపలి `mame-libretro`లో జిప్ ఫైళ్లు వేసి మళ్లీ పెడితే కార్డులోకి వెళ్తాయి. మెనూలో స్టార్ట్ నొక్కి, ఆ మెనూను చూపే ఎమ్యులేషన్‌స్టేషన్‌ను తిరిగి ప్రారంభిస్తేనే ఆటలు కనిపిస్తాయి.

జిప్‌ను విప్పకండి, పేరు మార్చకండి. ఆర్కేడ్ రోమ్ అంటే ఒక ఫైలు కాదు, ఒక బోర్డు మీది చిప్పులన్నిటి మూట. ఎమ్యులేటర్ జిప్ పేరు చూసే ఆటను గుర్తుపడుతుంది.

ఆట తెరుచుకున్నట్టే తెరుచుకుని మళ్లీ జాబితాకు వచ్చేస్తే అది హార్డ్‌వేర్ తప్పు కాదు. రోమ్ వెర్షన్‌కూ ఎమ్యులేటర్‌కూ పొంతన లేదన్నమాట. మేమ్ 2003 ఎమ్యులేటర్‌కు 0.78 నాటి రోమ్‌లు కావాలి, ఎఫ్‌బీనియోకు దాని తాజా సెట్టు కావాలి. ఏ చిప్ ఫైలు దొరకలేదో ఈ లాగ్‌లో కనిపిస్తుంది:

```
cat /dev/shm/runcommand.log
```

ముందు వేరే ఎమ్యులేటర్‌తో ప్రయత్నించండి. ఆట మొదలయ్యే బూడిద పెట్టె కనిపించగానే ఏదైనా బటన్ నొక్కితే ఎమ్యులేటర్ మార్చుకునే మెనూ వస్తుంది. నియో జియో ఆటలైతే పక్కనే `neogeo.zip` కూడా ఉండాలి.

చిత్రం నిలువుగా సాగినట్టుంటే, ఆటలో హాట్‌కీ, X నొక్కితే వచ్చే రెట్రోఆర్చ్ మెనూలో యాస్పెక్ట్ రేషియో 4:3 పెట్టండి. 1280×1024 తెర మీద అది 1280×960గా పడి, పైనా కిందా 32 పిక్సెళ్ల చొప్పున నల్లపట్టీ మిగులుతుంది. ఆ పట్టీ తప్పు కాదు, తెర ఆకారం 5:4 కావడం వల్ల వచ్చింది. దాన్ని పోగొట్టాలని సాగదీస్తే గుండ్రని బంతి కోడిగుడ్డవుతుంది.

## 6. పెట్టె: కొలతలు, కోత

ఇప్పుడు టేపు తీయండి. మానిటర్ స్టాండ్ ఊడదీసి వెడల్పు, ఎత్తు, మందం కొలవండి. లోపలి వెడల్పు అంటే మానిటర్ వెడల్పుకు 10 మి.మీ. కలిపినది. కింది లెక్క 380 మి.మీ. వెడల్పు, 320 మి.మీ. ఎత్తున్న మానిటర్‌కు. మీది వేరైతే 390 అన్న చోటల్లా మీ అంకె పెట్టుకోండి.

మానిటర్ ప్లాస్టిక్ తొడుగు విప్పి తెర ఒక్కటే వాడుకోవాలనే ఆలోచన వద్దు. పాత మానిటర్ల లోపల బ్యాక్‌లైట్ ఇన్వర్టర్ మీద, పవర్ బోర్డు కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజ్ ఉంటుంది. తొడుగుతోనే బిగించి, ముందు నల్ల అక్రిలిక్ చట్రంతో అంచులు కప్పేయండి.

12 మి.మీ. ప్లైవుడ్ (4×2 అడుగులు) నుంచి:

- పక్క పలకలు 2: 520×400
- అడుగు 1: 390×400
- పైకప్పు 1: 390×150
- స్పీకర్ పలక 1: 390×85
- ముందు పట్టీ 1: 390×85

6 మి.మీ. ప్లైవుడ్ (2×2 అడుగులు) నుంచి:

- వెనక తలుపు 1: 390×480
- కంట్రోల్ ప్యానెల్ 1: 390×180

రెండు షీట్లలోనూ ఇవి రంపపు కోత వృథాతో సహా పడతాయి. దుకాణంలోనే మెషీన్ మీద కోయించుకుంటే మూలలు నిక్కచ్చిగా వస్తాయి. పక్క పలకల వాలు మాత్రం ఇంట్లో జిగ్‌సాతో, రెండూ ఒకదాని మీద ఒకటి బిగించి ఒకేసారి కోయాలి. విడివిడిగా కోస్తే రెండూ కలవవు, మానిటర్ వంకరగా కూర్చుంటుంది.

తెర వెనక్కి వాలాల్సింది సుమారు 20 డిగ్రీలు. పాత టీఎన్ మానిటర్లను కింది నుంచి చూస్తే రంగులు నల్లబడతాయి. అందుకని మానిటర్‌ను ముందు పుస్తకాలకు ఆనించి, మీరు ఆడే కుర్చీలో కూర్చుని చూసి, నచ్చిన వాలునే గీసుకోండి.

మానిటర్‌ను మోసేది 18 మి.మీ. పలక. దానికి నాలుగు బెజ్జాలు వేసి మానిటర్ వీపుకు ఎం4 స్క్రూలతో బిగించి, పలక చివరలను పక్క పలకల మీది రీపర్లకు కట్టాలి. స్క్రూ పొడవు చెక్క మందానికి 6 నుంచి 8 మి.మీ. మించకూడదు. ఇంకా పొడుగైతే లోపలి బోర్డుకు పొడుచుకుంటుంది.

### కంట్రోల్ ప్యానెల్ బెజ్జాలు

ఎడమ అంచు నుంచి, ఆటగాడి వైపు అంచు నుంచి మి.మీ.లలో ఒక్కో బెజ్జం కేంద్రం:

- జాయ్‌స్టిక్: 120, 95
- పై వరుస: (200, 115), (236, 125), (272, 125)
- కింది వరుస: (195, 76), (231, 86), (267, 86)
- కాయిన్: 315, 140. స్టార్ట్: 350, 140

పక్కపక్క బటన్ల మధ్య 36 మి.మీ. ఉంది. 34 కంటే తగ్గితే అంచులు, కింది నట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి. చెక్క మీద గీసే ముందు ఇదే కొలతల్ని అట్టముక్క మీద కోసి, బటన్లు దూర్చి, చేతులు పెట్టి చూడండి. చిన్నపిల్లలు ఆడేదైతే జాయ్‌స్టిక్‌ను 10 మి.మీ. కుడికి జరపడం మంచిది.

ఆట బటన్లకు 30 మి.మీ. బెజ్జం. కాయిన్, స్టార్ట్, జాయ్‌స్టిక్ కర్ర మూడింటికీ 24 మి.మీ. బిట్టు ఒక్కటే సరిపోతుంది. గీసిన చోట మాస్కింగ్ టేపు అంటించి, కింద పనికిరాని చెక్క ఆనించి తొలవండి. ఆ చెక్క లేకపోతే బిట్టు బయటికొచ్చేటప్పుడు ప్లైవుడ్ పొర చీలి లేచిపోతుంది.

ప్యానెల్ 6 మి.మీ. మాత్రమే ఎందుకంటే, జాయ్‌స్టిక్ కింది నుంచి బిగుస్తుంది. 12 మి.మీ. చెక్కయితే కర్ర పొట్టిదై, బంతి పలకకు అంటుకున్నట్టుంటుంది. బలం కోసం ప్యానెల్ కింద ముందు, వెనక అంచుల వెంట 20 మి.మీ. రీపర్లు జిగురుతో అంటించండి. పై కొలతల్లో బటన్ నట్లేవీ వాటికి తగలవు.

ప్యానెల్‌ను జిగురుతో అతికించేయొద్దు. పక్క రీపర్ల మీద కూర్చోబెట్టి నాలుగు స్క్రూలతో బిగిస్తే, రేపు ఒక వైరు ఊడినా పైకి లేపి చూడొచ్చు. ఆ వైర్లకు ఒక జానెడు వదులు ఉంచండి.

## 7. లోపలి అమరిక

హాట్‌కీ. రెట్రోపైలో హాట్‌కీ, స్టార్ట్ కలిపి నొక్కితే ఆట మూసుకుపోతుంది. ప్రత్యేక బటన్ లేకపోతే `SELECT`ను, అంటే మన కాయిన్‌నే, హాట్‌కీగా పెట్టుకోమంటుంది. ఆర్కేడ్‌లో కాయిన్, స్టార్ట్ వెంటవెంటనే నొక్కుతాం కదా, రెండు వేళ్లు ఒకేసారి పడితే ఆట మాయం. అందుకే K9ని వెనక తలుపు పైమూలలో, చెయ్యి చాపితే అందేలా పెట్టాలి.

ఆపే బటన్. కరెంటు తీసి పైని ఆపితే ఎప్పుడో ఒకప్పుడు కార్డు పాడవుతుంది. నాలుగో 24 మి.మీ. బటన్‌ను తలుపు మీదే పెట్టి, దాని రెండు వైర్లు పై బోర్డు పిన్నుల్లో 5, 6కు కలపండి. ఒకసారి నొక్కితే రాస్ప్‌బెరీ పై పద్ధతిగా ఆగుతుంది. ఆగిన పైకి కరెంటు ఉండగా మళ్లీ నొక్కితే లేస్తుంది.

5, 6 పిన్నులు ఎస్‌డీ కార్డు వైపు మూల నుంచి మూడో జత. రెండుసార్లు లెక్కపెట్టండి. ఒక జత తప్పి 3, 4కు పెడితే బటన్ నొక్కిన క్షణంలో 5 వోల్టులు 3.3 వోల్టుల పిన్నులోకి వెళ్తాయి, బోర్డు పోతుంది. ఫ్యాన్‌కు 4, 14 పిన్నులు వాడండి.

ధ్వని. పై బోర్డు 3.5 మి.మీ. జాక్ నుంచి ఆంప్లిఫయర్‌కు, అక్కడి నుంచి స్పీకర్లకు. రెట్రోపై ఆడియో మెనూలో `Headphones` ఎంచుకోండి, లేకపోతే ధ్వని మానిటర్ వైపు వెళ్లి వినపడదు. పీఏఎం8403లో రెండు స్పీకర్ల మైనస్ వైర్లను ఒకదానికొకటి గానీ గ్రౌండ్‌కు గానీ కలపకూడదు, ఆ చిప్ కాలిపోతుంది. ఆంప్లిఫయర్‌కు పై బోర్డు నుంచే కరెంటు ఇస్తే జుయ్యిమని హోరు వినిపిస్తుంది. వేరే అడాప్టర్ అడిగింది అందుకే. అప్పటికీ హోరుంటే ఆడియో వైరు మధ్యలో గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ పెట్టండి.

కరెంటు. ఎక్స్‌టెన్షన్ బోర్డును అడుగు పలకకు బిగించి, మానిటర్, పై, ఆంప్లిఫయర్ మూడింటినీ దానికే పెట్టండి. బయటికి ఒక్క తీగే వస్తుంది. అది ఎర్త్ ఉన్న మూడు పిన్నులదై ఉండాలి. 230 వోల్టుల తీగల్ని కోసి అతకడం లాంటివి పెట్టె లోపల వద్దు.

గాలి. అడుగు పలకకు నాలుగైదు 24 మి.మీ. బెజ్జాలు, తలుపు పైభాగంలో మరికొన్ని, పెట్టె కింద రబ్బరు కాళ్లు. ఏప్రిల్, మే నెలల్లో గది వేడి 40 డిగ్రీలు దాటే మన ఊళ్లలో ఫ్యాన్ లేకుండా మూసిన పెట్టె పనిచేయదు. పై బోర్డు 80 డిగ్రీలు దాటితే తన వేగం తానే తగ్గించుకుంటుంది.

మూసే ముందు:

- [ ] ప్రతి క్లిప్పును మెల్లగా లాగి చూడాలి, వదులైతే ప్లయర్‌తో కొద్దిగా నొక్కాలి
- [ ] ఆపే బటన్‌తో ఆపి, మళ్లీ లేపి చూడాలి
- [ ] ఏ వైరూ ఫ్యాన్ రెక్కలకు తగలకూడదు
- [ ] తలుపు మూసి అరగంట ఆట నడిపించాలి, కింది రెండు కమాండ్లు చూడాలి

```
vcgencmd measure_temp
vcgencmd get_throttled
```

రెండోది `throttled=0x0` అంటే అంతా సవ్యం. `0x50000` అంటే లేచినప్పటి నుంచి ఎప్పుడో వోల్టేజ్ పడింది, వేగం తగ్గింది. `0x50005` అంటే ఈ క్షణంలో కూడా పడుతోంది. అడాప్టర్, కేబుల్ మార్చండి. తెర మూలలో పసుపు మెరుపు గుర్తు కనిపించేదీ దీనివల్లే.

## 8. తర్వాత వచ్చే చిక్కులు

ప్యాక్-మ్యాన్ మలుపుల్లో ఇరుక్కుంటున్నాడు. జాయ్‌స్టిక్ ఎనిమిది దిక్కులది, ఆట నాలుగు దిక్కులది. మూలగా తోసినప్పుడు ఒకేసారి రెండు దిక్కులు వెళ్తున్నాయి. చాలా జాయ్‌స్టిక్‌ల అడుగున ఉండే ప్లాస్టిక్ గేటును 45 డిగ్రీలు తిప్పితే నాలుగు దిక్కులకు కట్టుబడుతుంది. పోరాట ఆటలకు మళ్లీ వెనక్కి తిప్పాలి. ప్యానెల్ స్క్రూలతో బిగించమన్నది దీనికోసం కూడా.

ఒక్క ఆటలోనే బటన్లు తారుమారు. మొత్తం కాన్ఫిగరేషన్ కదపొద్దు. ఆ ఆటలో ఉండగా హాట్‌కీ, X నొక్కి రెట్రోఆర్చ్ మెనూ తెరిచి, `Controls` కింద మార్చుకుని ఆ ఆటకే రీమ్యాప్ ఫైలుగా భద్రపరచండి. మేమ్ 2003లో పోరాట ఆటలకు ఇది తరచూ అవసరమవుతుంది.

ఇద్దరి పెట్టెలో ఆటగాళ్లు తారుమారు. రెండు ఎన్‌కోడర్లూ ఒకే పేరు చెబుతాయి, పైకి తేడా తెలియదు. యూఎస్‌బీ పోర్టులు అటూ ఇటూ మార్చి పెట్టి, సరిపోయాక తీగల మీద 1, 2 అని రాసి, ఇక ఆ పోర్టులు మార్చకండి.

బటన్ అప్పుడప్పుడే పలుకుతోంది. దాని క్లిప్పులను పక్కనున్న మంచి బటన్‌కు మార్చి చూడండి. జబ్బు వైరుతో పాటు వెళ్తే వైరుదే తప్పు, బటన్ దగ్గరే ఉండిపోతే బటన్ మార్చాలి. క్లిప్పు వదులని కాళ్లకు నేరుగా టంకం వేస్తే వేడికి బటన్ ప్లాస్టిక్ కరిగి లోపలి రేకు పక్కకు ఒరుగుతుంది. కొత్త క్లిప్పే వేయండి.

రాత్రి బాగుంది, పొద్దున మెనూయే రాలేదు. కార్డు చెడింది. ఇంట్లో ఎవరో గోడ స్విచ్ తీసుంటారు. అంతా సర్దుకున్న రోజే కార్డును ల్యాప్‌టాప్‌లో పెట్టి ఇమేజ్‌గా కాపీ తీసి ఉంచితే, ఇంకో కార్డు మీద దాన్ని రాసి పెట్టెలో పెట్టడమే మిగులుతుంది.